రాకెట్ ఎగిరేది మన గడియారంలో ఎన్నింటికి?

2025 జూన్ 25న శుభాంశు శుక్లా అంతరిక్షంలోకి బయల్దేరిన యాక్సియమ్-4 ప్రయోగానికి నాసా ప్రకటించిన సమయం ఇది: బుధవారం తెల్లవారుజామున 2:31, ఈడీటీ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అది మధ్యాహ్నం 12:01. డాలస్‌లో బుధవారం తెల్లవారుజామున 1:31. కాలిఫోర్నియా బే ఏరియాలో మాత్రం ఇంకా మంగళవారమే, రాత్రి 11:31. రాకెట్ లేచేది ఒక్కసారే. కానీ దాన్ని లైవ్‌లో చూడాలనుకున్న తెలుగు కుటుంబంలో అమ్మానాన్నలకి ఒక తేదీ, కొడుక్కో కూతురికో ఇంకో తేదీ.

ఈ లెక్కలో తప్పు పోయేవాళ్ళలో చాలామందికి కూడికలు, తీసివేతలు బాగానే వచ్చు. పొరపాటు కూడిక మొదలుపెట్టకముందే జరిగిపోతుంది. ప్రకటించిన సమయం ఏ ఊరి గడియారానిది, ఆ రోజున ఆ ఊరి గడియారం ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న యూటీసీ కాలానికి ఎంత ముందో ఎంత వెనకో చూసుకోకుండా, న్యూయార్క్‌కీ మనకీ మధ్య అని ఎప్పుడో విన్న "తొమ్మిదిన్నర గంటల తేడా"ను కలిపేస్తారు. ఆ తొమ్మిదిన్నర కొన్ని నెలలు కరెక్టే, మిగిలిన నెలల్లో తప్పు.

యాక్సియమ్-4 సమయాన్నే పూర్తిగా విప్పి చూద్దాం. ఈడీటీ అంటే అమెరికా తూర్పు తీరంలో వేసవి గడియారం. అది యూటీసీ కంటే నాలుగు గంటలు వెనక. కాబట్టి 2:31కి నాలుగు కలిపితే యూటీసీలో 6:31. మన భారత కాలం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, ఏడాది పొడవునా అంతే. 6:31కి ఐదున్నర కలిపితే 12:01. తెల్లవారుజాము నుంచి మొదలుపెట్టాం, మధ్యలో అర్ధరాత్రి దాటలేదు. కనుక తేదీ మారదు, ఆ 12:01 మిట్టమధ్యాహ్నానిదే. పన్నెండు దగ్గర ఏఎం, పీఎం తారుమారు కావడం చాలా తేలిక. అందుకే లెక్క చేసేటప్పుడు 24 గంటల పద్ధతిలో రాసుకోవడం మేలు. ఇస్రో ప్రకటనల్లో 14:35, 17:20 లాంటి అంకెలు కనిపించేది అందుకే, అక్కడ ఏఎం, పీఎం గొడవే ఉండదు.

యూటీసీ మీదుగా వెళ్ళడం చుట్టుదారిలా అనిపించవచ్చు. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు చాలామంది మనసులోనే చేసే లెక్క వేరేగా ఉంటుంది: ఏఎంని పీఎం చేసి, రెండున్నర గంటలు తగ్గించడం. తూర్పు తీరం వేసవికి ఇది సరిపోతుంది. తెల్లవారుజామున 2:31ని మధ్యాహ్నం 2:31 అనుకుని రెండున్నర తీసేస్తే 12:01 వచ్చేస్తుంది. శీతాకాలంలో తీయాల్సింది గంటన్నర మాత్రమే. డాలస్, షికాగోలకైతే వేసవిలో గంటన్నర, శీతాకాలంలో అరగంట. ఈ అంకెలు గుర్తున్నవాళ్ళకి ఇంతకంటే త్వరగా అయ్యే పద్ధతి లేదు. కాకపోతే అలవాటైన ఊరికి, అలవాటైన నెలలోనే ఇది పనిచేస్తుంది. ప్రయోగం మరో దేశంలో జరిగినా, గడియారాలు మార్చుకునే వారంలో పడినా యూటీసీ మీదుగా వెళ్ళడమే నమ్మకమైన దారి. ఎందుకంటే అప్పుడు ఒక్కో ఊరి గురించి ఒక్క అంకె తెలిస్తే చాలు, ఊళ్ళ జంటకో లెక్కన తేడాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఈడీటీ బదులు ఈఎస్‌టీ అని చదివితే ఏమవుతుంది? ఈఎస్‌టీ శీతాకాలపు గడియారం, యూటీసీకి ఐదు గంటలు వెనక. దాని ప్రకారం లెక్కిస్తే మన సమయం మధ్యాహ్నం 1:01 అని వస్తుంది. గంట ఆలస్యంగా లైవ్ పెడతాం. క్రికెట్ మ్యాచ్‌కి గంట ఆలస్యమైతే కొన్ని ఓవర్లు పోతాయి, ఆట మిగిలే ఉంటుంది. రాకెట్ సంగతి అలా కాదు. యాక్సియమ్-4ని మోసుకెళ్ళిన ఫాల్కన్-9 రాకెట్ మొదటి దశ ఎనిమిది నిమిషాల్లోపే నేలకి తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే డ్రాగన్ నౌక రాకెట్ నుంచి విడిపోతుంది. గంట తర్వాత చూడటానికి మిగిలేది రీప్లేనే. ఇక్కడో చిక్కు ఉంది. జూన్‌లో కూడా అలవాటుకొద్దీ "ఈఎస్‌టీ" అని రాసేవాళ్ళు అమెరికాలోనే బోలెడుమంది. వాళ్ళ ఉద్దేశం న్యూయార్క్ గడియారం, అంతే. అందుకని మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం మధ్యలో ఎవరైనా ఈఎస్‌టీ అని రాస్తే, అక్షరాలని నమ్మకుండా ఆ తేదీన న్యూయార్క్‌లో నడిచే గడియారాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పొట్టి అక్షరాలతో వచ్చే తంటా అదొక్కటే కాదు. ఐఎస్‌టీ మనకి భారత కాలం, ఐర్లాండ్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ వాళ్ళ వాళ్ళ కాలం. సీఎస్‌టీ డాలస్‌దీ కావచ్చు, చైనాదీ కావచ్చు. ఊరి పేరు తెలిస్తే ఈ అయోమయం ఉండదు.

గడియారాలు మారే వారాల్లో ఏం జరుగుతుందో చెప్పడానికి 2025 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ ఆడిన రెండు మ్యాచ్‌లు చక్కగా సరిపోతాయి. మార్చి 23 ఆదివారం ఉప్పల్‌లో రాజస్థాన్‌తో మ్యాచ్, మధ్యాహ్నం 3:30కి. మార్చి 30 ఆదివారం విశాఖలో ఢిల్లీతో మ్యాచ్, అదీ మధ్యాహ్నం 3:30కే. ఇండియాలో ఉన్నవాళ్ళకి రెండు ఆదివారాలూ ఒకేలా ఉన్నాయి. లండన్‌లో ఉన్న అభిమానికి మొదటి మ్యాచ్ ఉదయం 10 గంటలకి, రెండోది 11కి. మధ్యలో ఏం మారింది? యూరప్ దేశాలు మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతాయి. ఆ ఏడాది ఆ ఆదివారం సరిగ్గా మార్చి 30. మ్యాచ్ రోజు తెల్లవారుజామునే గడియారం మారిపోయింది. "పోయిన వారం పదింటికి చూశాం కదా" అని పదింటికే టీవీ ముందు కూర్చున్నవాళ్ళు గంటసేపు ఎదురుచూడాల్సి వచ్చేది.

అదే రెండు మ్యాచ్‌లు న్యూజెర్సీలో చూసినవాళ్ళకి ఈ తేడా కనిపించలేదు, రెండూ ఉదయం 6 గంటలకే. అమెరికా మొదటి మ్యాచ్‌కి రెండు వారాల ముందే గడియారం మార్చేసుకుంది. అంటే మార్చిలో కొన్ని వారాలు, శరదృతువులో ఒక వారం అమెరికాకీ యూరప్‌కీ మధ్య తేడా కూడా మామూలుగా ఉండదు. లండన్‌కీ న్యూయార్క్‌కీ ఐదు గంటలు అని గుర్తుపెట్టుకున్నవాళ్ళకి ఆ రోజుల్లో అది నాలుగే. ఇక ఆరిజోనాలో చాలా భాగం గడియారాన్ని అసలు మార్చదు. ఫీనిక్స్‌లో ఉన్నవాళ్ళకి వేసవిలో లాస్ ఏంజెలెస్ సమయం, శీతాకాలంలో డెన్వర్ సమయం. వాళ్ళ గడియారం కదలదు, చుట్టూ ఉన్నవాళ్ళవే కదులుతాయి. మన పరిస్థితీ అంతే. ఇండియా గడియారం మారదు కనుక, మనం చూసే విదేశీ మ్యాచ్ టైమ్ ఎప్పుడైనా గంట అటూ ఇటూ జరిగితే మారింది అవతలి వైపే.

ఆస్ట్రేలియాలో ఇది ఒకే దేశంలో, ఒకే సిరీస్‌లో కనిపిస్తుంది. 2024 డిసెంబర్‌లో బ్రిస్బేన్ టెస్టు అక్కడి గడియారంలో ఉదయం 10:20కి, మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టు 10:30కి మొదలయ్యాయి. అక్కడి తేడా పది నిమిషాలే. మనకి మాత్రం బ్రిస్బేన్ ఆట 5:50కి, మెల్‌బోర్న్ ఆట 5 గంటలకి. కారణం, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ వేసవి గడియారం పాటించదు, మెల్‌బోర్న్ పాటిస్తుంది. నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టింది ఆ మెల్‌బోర్న్ టెస్టులోనే. డాలస్‌లో ఉండే విశాఖవాళ్ళకి డిసెంబర్ 26న మొదలయ్యే ఆ బాక్సింగ్ డే టెస్టు 25వ తేదీ క్రిస్మస్ సాయంత్రం 5:30కే మొదలైపోయింది.

ఇక తేదీ. గంటల్లో తప్పు పోతే గంటో రెండు గంటలో నష్టం, తేదీలో తప్పు పోతే పూర్తిగా ఒక రోజు. చంద్రయాన్-2ని మొదట 2019 జూలై 15న 2:51కి ప్రయోగించాలనుకున్నారు. అది తెల్లవారుజాము. మన మాటల్లో రాత్రి నిద్రలేచేదాకా రాత్రే. "ఆదివారం రాత్రి రెండున్నర దాటాక" అంటాం, క్యాలెండర్ ప్రకారం అది సోమవారం. పంచాంగంలో కూడా వారం సూర్యోదయంతో మారుతుంది. వినేవాళ్ళకి అర్థమైపోతుంది కాబట్టి ఇంట్లో ఇబ్బంది లేదు. సమయం మార్చేటప్పుడు మాత్రం అర్ధరాత్రే హద్దు. 15వ తేదీ 2:51లో ఐదున్నర గంటలు తీసేస్తే అర్ధరాత్రి దాటి వెనక్కి వెళ్తాం: యూటీసీలో 14వ తేదీ 21:21. అందులో నాలుగు తీస్తే న్యూయార్క్‌లో 14వ తేదీ సాయంత్రం 5:21, ఆదివారం. 15వ తేదీ అన్న మాటని పట్టుకుని అమెరికాలో సోమవారం సాయంత్రం లైవ్ కోసం వెతికితే ఒక రోజు ఆలస్యమైనట్టే.

తేదీ తప్పకుండా ఉండాలంటే ఒక్క అలవాటు చాలు. ప్రతి అడుగులో సమయంతో పాటు తేదీ, వారం పేరు కూడా రాయాలి. కూడినప్పుడు 24 దాటితే 24 తీసేసి తేదీ ఒకటి పెంచాలి. తీసినప్పుడు సున్నా కిందికి పోతే 24 కలిపి తేదీ ఒకటి తగ్గించాలి. అన్ని అడుగులూ అయ్యాక చివర్లో తేదీ గురించి ఆలోచిద్దామనుకుంటే అక్కడే బోల్తా పడతారు.

ఆ రాత్రి చంద్రయాన్-2 ఎగరలేదు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా సాంకేతిక లోపం వల్ల కౌంట్‌డౌన్ ఆపేశారు. చివరికి జూలై 22న మధ్యాహ్నం 2:43కి ప్రయోగించారు. అర్ధరాత్రి దాటాక ఉండాల్సిన ప్రయోగం వారం తర్వాత పట్టపగటికి మారింది. రాకెట్ విషయంలో అందరూ మరిచిపోయే సంగతి ఇది. వాయిదా పడితే తేదీ ఒక్కటే మారదు, గంట కూడా మారుతుంది. పాత సమయాన్నే కొత్త తేదీకి అతికించకూడదు.

యాక్సియమ్-4 వాయిదాలు చూస్తే ఇది ఎంత క్రమంగా జరుగుతుందో తెలుస్తుంది. జూన్ 10కి అనుకున్నప్పుడు మన సమయం సాయంత్రం 5:52. గాలుల వల్ల 11వ తేదీకి జరిపితే అది 5:30 అయింది. తర్వాత రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీక్ బయటపడింది, అంతరిక్ష కేంద్రంలో ఇంకో లీకు సంగతి చూడాల్సి వచ్చింది. 22వ తేదీ అనుకున్నప్పుడు మధ్యాహ్నం 1:12. చివరికి ఎగిరిన 25వ తేదీన 12:01. రోజుకి దాదాపు 24 నిమిషాల చొప్పున సమయం ముందుకొస్తూ ఉంది. ఇది ఎవరి ఇష్టాన్ని బట్టో జరిగింది కాదు. అంతరిక్ష కేంద్రాన్ని చేరాలంటే, దాని కక్ష్య ఉన్న తలం కిందికి భూమి తిరుగుతూ ప్రయోగ వేదికను తెచ్చినప్పుడే రాకెట్ లేవాలి. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండటం వల్ల ఆ తలం రోజుకి సుమారు ఐదు డిగ్రీలు పడమరకి జరుగుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి అక్కడ ఇరవై నిమిషాలు. నక్షత్రాలతో పోల్చి చూస్తే భూమి ఒక చుట్టు మన 24 గంటల కంటే నాలుగు నిమిషాలు ముందే పూర్తి చేస్తుంది, అదీ కలిపితే 24. కనుక అంతరిక్ష కేంద్రానికి వెళ్ళే ప్రయోగం ఒక రోజు వాయిదా పడిందని వినగానే, కొత్త ప్రకటన చేతికి రాకముందే, అరగంట లోపు ముందుకు రావచ్చని ఊహించుకోవచ్చు. చంద్రుడి వైపు వెళ్ళేవాటికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ చంద్రుడి స్థానమే నిర్ణయిస్తుంది. ఏదైనా సరే, కొత్త ప్రకటన వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి మళ్ళీ లెక్క చేయాలి.

ప్రకటనలో ఉన్న అంకె దేనిదో కూడా చూసుకోవాలి. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23న ఇస్రో లైవ్ సాయంత్రం 5:20కి మొదలవుతుందని చెప్పారు, దిగే సమయం 6:04. రెండింటికీ మధ్య ముప్పావు గంట. క్రికెట్‌లోనూ ఇంతే, 7:30 మ్యాచ్‌కి టాస్ 7 గంటలకి, ఛానెల్‌లో కబుర్లు అంతకంటే ముందే. కొన్ని ప్రయోగాలకి ఒక్క క్షణం కాకుండా ఒక వ్యవధి ఉంటుంది. 2022 నవంబర్ 16న నాసా చంద్రుడి వైపు పంపిన ఆర్టెమిస్-1కి రెండు గంటల వ్యవధి ఇచ్చారు. అది ఫ్లోరిడాలో అర్ధరాత్రి దాటాక 1:04కి తెరుచుకుంది, మన సమయం ఉదయం 11:34. హైడ్రోజన్ లీకును సరిచేసుకుని 1:47కి ఎగిరింది, అంటే మనకి మధ్యాహ్నం 12:17. అలాంటప్పుడు మొదటి అంకెను మార్చుకుని, అక్కడి నుంచి వ్యవధి పూర్తయ్యేదాకా ఖాళీ చేసుకోవాలి. అది నవంబర్ కదా, తూర్పు తీరం అప్పటికే శీతాకాలపు గడియారంలోకి వెళ్ళిపోయింది, కలపాల్సింది పదిన్నర గంటలు. ఆగస్టులో అదే రాకెట్ కోసం మొదటిసారి ఎదురుచూసినప్పుడు కలిపిన తొమ్మిదిన్నర ఇక్కడ పనిచేయదు.

చేత్తో లెక్క చేసినా, చేయకపోయినా కంప్యూటర్‌తో సరిచూసుకోవడం మంచిది. గడియారాలు ఏ దేశంలో ఏ తేదీన మారతాయో రాసి ఉన్న టైమ్ జోన్ పట్టిక ఫోన్లలో, కంప్యూటర్లలో ముందే ఉంటుంది. లినక్స్‌లో ఒక్క వరుస చాలు:

```
TZ="Asia/Kolkata" date -d 'TZ="America/New_York" 2025-06-25 02:31'
```

జవాబుగా జూన్ 25 బుధవారం 12:01 అని వస్తుంది. ఇక్కడ `America/New_York` అని ఊరి పేరు ఇచ్చాం, ఈడీటీ అనో ఈఎస్‌టీ అనో ఇవ్వలేదు. ఆ తేదీన ఏ గడియారం నడుస్తోందో అదే చూసుకుంటుంది. ఫోన్ క్యాలెండర్‌లోనూ ఇదే పద్ధతి. ఈవెంట్ పెట్టేటప్పుడు టైమ్ జోన్ దగ్గర న్యూయార్క్ ఎంచుకుని 2:31 అని ప్రకటనలో ఉన్నట్టే పెడితే, ఫోన్ మన సమయాన్ని తానే చూపిస్తుంది.

ఈ సాధనాలతో వచ్చే కొత్త తప్పు ఒకటుంది, రెండుసార్లు మార్చడం. మ్యాచ్ షెడ్యూల్ చూపించే యాప్‌లు చాలావరకు మన ఫోన్ టైమ్ ప్రకారం అప్పటికే మార్చి చూపిస్తాయి. దాన్ని అమెరికా టైమ్ అనుకుని ఇంకో తొమ్మిదిన్నర గంటలు కలిపితే అర్ధరాత్రి అలారం మోగుతుంది. యాప్ ఏ టైమ్ చూపిస్తోందో తెలుసుకోవాలంటే మనకి ముందే తెలిసిన మ్యాచ్ ఒకటి అందులో చూడాలి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ మన 7:30కి మొదలవుతుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళ యాప్‌లో అది ఉదయం 10 అని కనిపిస్తే అప్పటికే మార్చేసినట్టు. క్రికెట్‌కి ఇంకో పరీక్ష కూడా ఉంది. లెక్క తిరగేసి మైదానం ఉన్న ఊరి సమయం చూడాలి. పగటి టెస్టు అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతున్నట్టు వస్తే ఎక్కడో తప్పు పోయింది. రాకెట్లకి ఈ పరీక్ష పనిచేయదు, అవి ఏ వేళలోనైనా లేస్తాయి. అందుకే వాటి విషయంలో ప్రకటనలోని మాటలనే జాగ్రత్తగా చదవాలి.

వాట్సాప్ గ్రూపులో నలుగురికీ సమయం పంపేటప్పుడు "రేపు రాత్రి 11:30కి లాంచ్" అని రాస్తే, ఆ రేపు ఎవరిదో, ఆ రాత్రి ఎక్కడిదో తెలియదు. యాక్సియమ్-4కి పంపాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు: "ప్రయోగం జూన్ 25 బుధవారం. హైదరాబాద్ మధ్యాహ్నం 12:01, డాలస్ తెల్లవారుజామున 1:31, బే ఏరియా జూన్ 24 మంగళవారం రాత్రి 11:31. యూటీసీ 6:31. ఇది రాకెట్ లేచే సమయం, లైవ్ ఇంకా ముందే మొదలవుతుంది." ప్రయోగం వాయిదా పడితే ఆ మెసేజ్ కింద కొత్త తేదీ ఒక్కటే రాయకుండా, పాతదాన్ని డిలీట్ చేసి, మూడు ఊళ్ళ సమయాలూ మళ్ళీ లెక్కించి కొత్తది పంపాలి.